తొమ్మిదో తారీఖు వచ్చిన సరుకు: స్టోర్సు లెక్కలో రేటు ఎక్కడ తప్పుతుంది

(కాస్ట్ అకౌంటింగ్ చదివేవారు, స్టోర్సులో పనిచేసేవారు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మెటీరియల్ కాస్టింగ్ పెద్ద పాఠం. మొత్తం చెప్పబోతే ఏదీ పూర్తిగా చెప్పినట్టు ఉండదు. అందుకే ఈ పూట ఒక్క సరుకే తీసుకుంటాను: 25 మిల్లీమీటర్ల స్టీలు రాడ్డు. అది స్టోర్సులో ఎంత ఉండాలో ఎలా లెక్క కడతారు, దాని బిన్ కార్డు మీద ఏం రాస్తారు, ప్రొడక్షన్‌కి ఇచ్చినప్పుడు ఏ రేటు వేస్తారు, ఇవన్నీ ఒకే నెలలో, ఒకే సరుకు మీద చూద్దాం. అంకెలు నేను లెక్క సులువుగా ఉండాలని ఎంచుకున్నవి. మీ ఫ్యాక్టరీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ లెక్క నడిచే తీరు ఇదే.

నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. రేటు వేయడానికి ఫిఫో మంచిదా, సగటు మంచిదా అని మనం గంటలు గంటలు వాదించుకుంటాం. కానీ ఇష్యూ రేటు అసలు దెబ్బతినేది ఎక్కడంటే, సరుకు బిన్‌లోకి చేరిన రోజుకీ అది లెడ్జర్‌కి ఎక్కిన రోజుకీ మధ్య ఎడం ఉన్నప్పుడు. ఆ ఎడం ఉంటే ఏ పద్ధతి పెట్టుకున్నా తప్పు రేటే వస్తుంది.

ముందు నిల్వ స్థాయిలు చూద్దాం. మన రాడ్డు రోజుకి మామూలుగా 60 కిలోలు ఖర్చవుతుంది. తక్కువలో తక్కువ 40, ఎక్కువలో ఎక్కువ 80. ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 6 రోజుల నుంచి 10 రోజులు పడుతుంది, సగటున 8 రోజులు.

రీఆర్డర్ లెవెల్ అంటే, నిల్వ ఇంతకు దిగిందంటే ఆర్డరు పెట్టాల్సిందే అనే గీత. చెడ్డ రోజుని మనసులో పెట్టుకుని దాన్ని గీస్తాం. వాడకం గరిష్ఠంగా ఉంది, సరుకూ ఆలస్యంగానే వచ్చింది అనుకుంటే 80ని 10తో గుణించి 800 కిలోలు. అన్నీ మామూలుగా జరిగితే సరుకు వచ్చేలోపు 60ని 8తో గుణించినంత, అంటే 480 కిలోలు ఖర్చవుతుంది. 800లోంచి 480 తీసేస్తే 320. అది కనీస నిల్వ. రీఆర్డర్ లెవెల్‌కి ఒక ఆర్డరు సరుకు కలిపి, తక్కువ వాడకాన్ని తక్కువ రోజులతో గుణించి తీసేస్తే గరిష్ఠ నిల్వ వస్తుంది. మన ఆర్డరు 1,200 కిలోలు కాబట్టి 800కి 1,200 కలిపి 240 తీసేస్తే 1,760.

ఆ 1,200 ఎక్కడ నుంచి వచ్చింది? ఏడాదికి 300 పని దినాలైతే అవసరం 18,000 కిలోలు. ఒక్కో ఆర్డరు పెట్టి, సరుకు దింపుకుని, తనిఖీ చేయించడానికి 480 రూపాయలు అవుతుందనుకోండి. కిలో ధర 60 రూపాయలు, నిల్వ ఉంచడానికి ఏడాదికి దానిలో 20 శాతం, అంటే 12 రూపాయలు. వీటితో, ఎంత ఆర్డరు పెడితే మొత్తం ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూ సూత్రం వేస్తే 1,200 వస్తుంది. ఏడాదికి 15 ఆర్డర్లు, ఆర్డర్ల ఖర్చు 7,200. సగటు నిల్వ 600 కిలోలు, దాన్ని మోసే ఖర్చూ 7,200. రెండూ సమానమైన చోటే మొత్తం ఖర్చు తక్కువ.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 1,200 బదులు 1,500 ఆర్డరు పెట్టారనుకోండి. ఆర్డర్లు 12, ఖర్చు 5,760. మోసే ఖర్చు 9,000. మొత్తం 14,760. ముందు 14,400 ఉండేది. అంటే ఆర్డరు పరిమాణం 25 శాతం పెంచితే ఖర్చు పెరిగింది రెండున్నర శాతమే. కాబట్టి ఈఓక్యూ 1,187 వచ్చిందా, 1,213 వచ్చిందా అని తల బద్దలు కొట్టుకోకండి. లారీకి ఎంత పడుతుంది, సప్లయర్ ఎంత కట్టలో ఇస్తాడు అని చూసుకుని దగ్గరలో ఉన్న అంకె వేసుకోండి. మీ శ్రద్ధ అంతా రీఆర్డర్ లెవెల్ మీద పెట్టండి. సరుకు అయిపోయి మిషన్ ఆగేది అక్కడ తప్పు చేసినప్పుడే.

రీఆర్డర్ లెవెల్‌లో ఉన్న చిక్కు ఏమిటంటే, నిల్వ రోజూ కొంచెం కొంచెంగా తగ్గుతుందని ఆ లెక్క నమ్ముతుంది. జాబ్ ఆర్డర్ల మీద నడిచే ఫ్యాక్టరీలో అలా తగ్గదు. ఒక్కసారి 400, ఒక్కసారి 600 పోతుంది. మన నెల చూడండి.

ఒకటో తారీఖున 800 కిలోలు ఉన్నాయి, అంటే సరిగ్గా గీత మీద. ఆ రోజే 1,200కి ఆర్డరు వెళ్లింది. 5న 400 కిలోలు ఒక జాబ్‌కి ఇచ్చారు, మిగిలింది 400. తొమ్మిదో తారీఖున 1,200 వచ్చింది, నిల్వ 1,600 అయింది. 12న 600 ఇచ్చారు, మిగిలింది 1,000. 20న 500 ఇచ్చారు, మిగిలింది 500.

12న చూస్తే 1,000 ఉంది, గీత 800, కాబట్టి ఎవరూ ఆర్డరు పెట్టలేదు. తర్వాత చూసింది 20న. అప్పటికి నిల్వ గీతని దాటేసి మరో 300 కిందకి పోయింది. ఆ రోజే ఆర్డరు పెట్టినా సరుకు రావడానికి పది రోజులు పట్టవచ్చు. మామూలు వాడకం సాగితే ఈ 500 ఎనిమిది రోజులకు మించి రాదు. లెవెల్ సరిగ్గానే లెక్క కట్టారు, అయినా సరుకు అయిపోవచ్చు.

దీనికి మందు ఉంది. ఆ 500 కిలోల జాబ్ గురించి ప్లానింగ్ వాళ్లకి 15వ తారీఖునే తెలుసనుకుందాం. ఆ రోజే ఆ 500ని ‘కేటాయింపు’ అని రాసుకుంటే, బిన్‌లో 1,000 ఉన్నా చేతికి మిగిలింది 500 అని కనబడుతుంది. ఆర్డరు ఐదు రోజుల ముందు వెళుతుంది. రీఆర్డర్ లెవెల్‌ని పోల్చాల్సింది బిన్‌లో ఉన్న సరుకుతో కాదు. బిన్‌లో ఉన్నదానికి రావాల్సిన ఆర్డరు కలిపి, ఇప్పటికే కేటాయించినది తీసేసి, ఆ మిగిలినదానితో పోల్చాలి.

ఇక బిన్ కార్డు. సరుకు ఉన్న చోటే, ర్యాక్‌కి తగిలించి ఉంటుంది. రాసేది స్టోర్‌కీపర్. తేదీ, కాగితం నెంబరు, వచ్చింది, ఇచ్చింది, మిగిలింది. రూపాయల మాట అందులో ఉండదు. ఉండకూడదు కూడా, ఎందుకంటే సరుకు కాసేవాడు సరుకు లెక్కే చూడాలి, విలువ లెక్క వేరేవాళ్లు చూడాలి. విలువతో కలిపి రాసేది స్టోర్స్ లెడ్జర్, అది కాస్టింగ్ సెక్షన్‌లో ఉంటుంది. ఒకే సరుకుకి ఇద్దరు వేర్వేరు చోట్ల, ఒకే కాగితాల మీద ఆధారపడి లెక్క రాస్తారు. అందుకే ఒకరి తప్పు మరొకరి లెక్కలో బయటపడుతుంది. కార్డు చూసి లెడ్జర్ రాసినా, లెడ్జర్ చూసి కార్డు సరిదిద్దినా ఈ కాపలా పోయినట్టే.

కార్డులో ముఖ్యమైన నియమం ఒకటే: సరుకు కదిలిన క్షణంలోనే రాయాలి. సాయంత్రం అన్నీ కలిపి రాద్దాంలే అనుకుంటే వరస పోతుంది. వరస పోతే రేటు పోతుంది, అది ఎలాగో ఇంకాసేపట్లో చూస్తాం.

రాడ్డులో ఇంకో చిక్కు ఉంది. కొనేది కిలోల్లో, ఇచ్చేది రాడ్ల లెక్కన. గుండ్రటి స్టీలు రాడ్డు మీటరు బరువు తెలుసుకోవడానికి షాపు ఫ్లోర్‌లో అందరికీ తెలిసిన లెక్క ఉంది: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగించాలి. 25 వర్గం 625, భాగిస్తే మీటరుకి 3.86 కిలోలు. ఆరు మీటర్ల రాడ్డు 23.15 కిలోలు. 600 కిలోలు అడిగితే స్టోర్‌కీపర్ 26 రాడ్లు తీసి ఇస్తాడు. ఆ 26 రాడ్ల బరువు 602 కిలోలు. కార్డులో 600 అని పడుతుంది. ఇది రెండు కిలోల తేడా, కానీ ప్రతి ఇష్యూలోనూ ఒకే వైపు జరుగుతుంది. పైగా మిల్లులో రాడ్డు సాగదీసేటప్పుడే మందం కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి అసలు బరువు సూత్రం చెప్పిన బరువుకి అచ్చం సరిపోదు. ఏడాది చివర స్టాకు లెక్క పెడితే కొరత కనబడుతుంది, ఎవరో పట్టుకుపోయారన్న అనుమానం మొదలవుతుంది. ఎవరూ పట్టుకుపోలేదు. అడిగినంత రాశారు, ఇచ్చినంత రాయలేదు. సరుకు కావాలని అడిగే స్లిప్పు, అంటే రిక్విజిషన్‌లో ‘అడిగినది’, ‘ఇచ్చినది’ అని రెండు గడులు ఉండేది ఇందుకే. తూకం వేసి రెండో గడి నింపండి, దాన్నే కార్డుకి ఎక్కించండి.

ఇప్పుడు రేటు. ఒకటో తారీఖున ఉన్న 800 కిలోలు కిలో 60 చొప్పున, విలువ 48,000. తొమ్మిదో తారీఖున వచ్చిన 1,200 కిలోలకి సప్లయర్ బిల్లు కిలో 63 చొప్పున 75,600. లారీ కిరాయి 3,600. కిరాయి కూడా సరుకు ధరలో భాగమే, కాబట్టి మొత్తం 79,200, కిలోకి 66 రూపాయలు. తిరిగి క్రెడిట్ తీసుకోగలిగే పన్ను ఇందులో కలపం, ట్రేడ్ డిస్కౌంట్ ఉంటే తీసేస్తాం.

ఫిఫో అంటే ముందు వచ్చింది ముందు పోయినట్టు లెక్క. 5న ఇచ్చిన 400కి 60 చొప్పున 24,000. 12న ఇచ్చిన 600లో 400 పాత 60 రేటుకి, 200 కొత్త 66 రేటుకి, మొత్తం 37,200. 20న ఇచ్చిన 500కి 66 చొప్పున 33,000. నెలాఖరు నిల్వ 500 కిలోలు, 33,000.

కదిలే సగటు పద్ధతిలో 9న నిల్వలో 1,600 కిలోలు, విలువ 1,03,200, సగటు 64.50. 12న ఇచ్చినది 38,700. 20న ఇచ్చినది 32,250. మిగిలింది 500 కిలోలు, 32,250.

లిఫోలో చివర వచ్చింది ముందు పోయినట్టు. 12న 39,600, 20న 33,000, మిగిలింది 30,600. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2ని 2003లో సవరించినప్పుడు లిఫోని తీసేశారు. అమెరికా ప్రమాణాల్లో మాత్రం అది ఇంకా ఉంది.

ఏ పద్ధతిలోనైనా ఇచ్చినదీ మిగిలినదీ కలిపితే 1,27,200 రావాలి. మూడింట్లోనూ వస్తుంది. నెల మొత్తం ఇష్యూలు ఫిఫోలో 94,200, సగటులో 94,950. పది శాతం ధర పెరిగిన నెలలో కూడా రెండింటికీ తేడా 750 రూపాయలు. నా అభిప్రాయం అడిగితే, ఇలా కలిసిపోయే సరుకుకి కదిలే సగటే నయం, ఒకే రోజు రెండు జాబ్‌లకి రెండు రేట్లు పడవు. కానీ ఫిఫో పెట్టుకున్నారని పోయేదేమీ లేదు. ఒకటి పెట్టుకుని దాని మీదే నిలబడండి.

పోయేది ఎక్కడో ఇప్పుడు చూపిస్తాను. అదే సరుకు, అదే నెల, సగటు పద్ధతి. మారింది ఒక్కటే. తొమ్మిదో తారీఖున సరుకు వచ్చింది, తనిఖీ అయింది, బిన్‌లోకి చేరింది, కార్డులో 1,200 పడింది. కానీ సప్లయర్ బిల్లు రాలేదు. రేటు తెలియదు కదా అని, సరుకు అందిందని రాసే కాగితం జీఆర్‌ఎన్‌ని ఫైల్లో పెట్టి ఆపారు. బిల్లు 14న వచ్చింది, జీఆర్‌ఎన్ ఆ రోజే లెడ్జర్‌కి ఎక్కింది.

మధ్యలో 12న 600 కిలోల రిక్విజిషన్ వచ్చింది. బిన్‌లో సరుకు ఉంది, ఇచ్చేశారు. లెడ్జర్‌లో మాత్రం ఉన్నది 400 కిలోలే, 60 రేటు. గుమాస్తా 600కీ 60 వేశాడు. 36,000. లెడ్జర్ నిల్వ మైనస్ 200 కిలోలు, మైనస్ 12,000 రూపాయలు అయింది.

14న 1,200 కిలోలు, 79,200 ఎక్కాయి. నిల్వ 1,000 కిలోలు, విలువ 67,200. సగటు రేటు 67.20.

ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈ నెలలో మనం ఈ రాడ్డుని 60కి కొన్నాం, 66కి కొన్నాం. 67.20కి ఎప్పుడూ కొనలేదు. 60కీ 66కీ సగటు 66 కంటే ఎక్కువ ఎలా వస్తుంది? రాదు. వచ్చిందంటే వరస తప్పిందన్నమాట. 12న 64.50 రేటు పడాల్సిన సరుకు 60కి పోయింది, ఆ లోటు మిగిలిన సరుకు నెత్తిన పడింది.

తర్వాత 20న 500 కిలోలకి 67.20 చొప్పున 33,600 వేశారు. నిల్వ 33,600. సరైన లెక్కతో పోల్చండి. 12వ తారీఖు జాబ్‌కి 2,700 తక్కువ పడింది. 20వ తారీఖు జాబ్‌కి 1,350 ఎక్కువ. నెలాఖరు నిల్వలో 1,350 ఎక్కువ. మొత్తం మాత్రం సరిపోయింది, 1,27,200. అందుకే ట్రయల్ బ్యాలెన్స్ దీన్ని పట్టుకోలేదు. మొదటి జాబ్ లాభంగా కనబడుతుంది, అదే ధరకి మళ్లీ కొటేషన్ ఇస్తారు. రెండో జాబ్ ఫోర్‌మన్‌ని మెటీరియల్ ఎందుకు ఎక్కువైందని అడుగుతారు. అతను గ్రాము కూడా వృథా చేయలేదు. పద్ధతి ఎంపిక తెచ్చిన తేడా 750, ఐదు రోజుల ఆలస్యం ఒక్క జాబ్ మీదే తెచ్చిన తేడా 2,700.

కాబట్టి ప్రతి నెలా లెడ్జర్‌లో రెండు చూడండి. ఏ సరుకైనా నెలలో ఏ రోజైనా మైనస్‌కి వెళ్లిందా? నెలాఖరున సున్నా పైన ఉందా అని చూస్తే చాలదు, మధ్యలో వెళ్లి ఉండవచ్చు. రెండోది, ఏ ఇష్యూ రేటైనా ఆ నిల్వలోని కొనుగోలు ధరల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ బయట ఉందా? ఉంటే ఆ సరుకు బిన్ కార్డు తెచ్చి పక్కన పెట్టుకుని తేదీలు పోల్చండి. ఎడం ఎక్కడుందో వెంటనే కనబడుతుంది.

స్టాకు లెక్క పెట్టేటప్పుడు కూడా ఇదే చూపు పనికొస్తుంది. ముందుగా చెప్పకుండా రోజూ కొన్ని సరుకులు లెక్క పెట్టి మూడు అంకెలు పక్కపక్కన రాయండి: బిన్‌లో ఉన్నది, కార్డులో ఉన్నది, లెడ్జర్‌లో ఉన్నది. బిన్, కార్డు కలిసి లెడ్జర్ తేడాగా ఉంటే కాగితం ఎక్కడో ఆగింది. కార్డు, లెడ్జర్ కలిసి బిన్ తేడాగా ఉంటే తూకమో, స్లిప్పు లేకుండా ఇవ్వడమో, దొంగతనమో. బిన్, లెడ్జర్ కలిసి కార్డు ఒక్కటే తేడాగా ఉంటే స్టోర్‌కీపర్ ఒక పద్దు రాయడం మరిచిపోయాడు. మూడూ మూడు రకాలుగా ఉంటే ముందు కాగితాలు తేల్చండి, ఆ తర్వాతే కొరత మాట ఎత్తండి.

సభలోంచి ఒకరు అడిగారు: “సార్, ఇప్పుడు అంతా కంప్యూటర్‌లోనే కదా. నిల్వ మైనస్‌కి పోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఇంకా ఈ సమస్య ఎక్కడిది?”

మంచి ప్రశ్న. ఒప్పుకోకుండా ఆపవచ్చు, నిజమే. అప్పుడు ఏం జరుగుతుందో చూడండి. 12న ప్రొడక్షన్‌వాళ్లు వచ్చి నిలబడ్డారు, మిషన్ ఖాళీగా ఉంది, రాడ్లు కళ్ల ముందే ఉన్నాయి. సిస్టమ్ ఎంట్రీ తీసుకోవడం లేదు. స్టోర్‌కీపర్ సరుకు ఇచ్చేసి స్లిప్పు సొరుగులో పెడతాడు. 14న జీఆర్‌ఎన్ ఎక్కాక ఆ స్లిప్పుని 14వ తారీఖుతో ఎంటర్ చేస్తాడు. రేటు 64.50 సరిగ్గానే పడుతుంది. కానీ ఇది నెలాఖరు వారంలో జరిగితే సరుకు వాడింది ఈ నెల, ఖర్చు పడింది వచ్చే నెల. ఆ జాబ్ 13నే పూర్తయి మూసేస్తే, మెటీరియల్ ఖర్చు పడకుండానే మూసేసినట్టు. సిస్టమ్ మైనస్‌ని ఆపింది, ఎడాన్ని ఆపలేదు. ఇప్పుడు ఆ ఎడం కంటికి కూడా కనబడదు.

బిల్లు కోసం జీఆర్‌ఎన్‌ని ఆపకూడదు, చేయాల్సింది అదే. సరుకు తనిఖీ దాటిన రోజే పర్చేజ్ ఆర్డరులో ఉన్న 63 రేటుకి, మామూలుగా అయ్యే కిరాయి 3 రూపాయలు కలిపి 66కి లెడ్జర్‌కి ఎక్కించండి. బిల్లు వచ్చాక తేడా ఉంటే ఆ తేడానే సరిచేయండి. కిరాయి 3,600 అనుకుంటే 4,200 వచ్చిందనుకోండి, 600 తేడా. అంత చిన్నదైతే ధర తేడాల ఖాతాకి వేయండి. పెద్దదైతే ఆ లాట్‌లో ఇంకా బిన్‌లో ఉన్న కిలోలెన్ని, జాబ్‌లకి పోయినవెన్ని అని చూసి ఆ నిష్పత్తిలో పంచండి. పోయినవెన్నో చెప్పేది 9న, 12న రాసిన ఆ బిన్ కార్డు పద్దులే.